ఎర్లీ ఎఫెక్ట్, ఒక్క స్టేజ్‌తో వచ్చే గెయిన్‌కు హద్దు

ప్రశ్న: కామన్ ఎమిటర్ స్టేజ్‌లో రెసిస్టర్ తీసేసి కరెంట్ సోర్స్‌ను లోడ్‌గా పెట్టాను. అయినా గెయిన్ ఒక హద్దు దాటడం లేదు. కలెక్టర్ కరెంట్ పెంచితే లాభం ఉంటుందా?

జవాబు: లాభం ఉండదు. కలెక్టర్ వోల్టేజీ పెరిగినప్పుడు కలెక్టర్-బేస్ జంక్షన్ వద్ద డిప్లీషన్ ప్రాంతం బేస్‌లోకి మరింత చొచ్చుకువస్తుంది. దానితో బేస్‌లో మిగిలిన వెడల్పు తగ్గి, అందులో ఎలక్ట్రాన్ల సాంద్రత వాలు నిటారుగా మారుతుంది కనుక, VBE మారకపోయినా కలెక్టర్ కరెంట్ కాస్త పెరుగుతుంది. 1952లో జేమ్స్ ఎర్లీ వివరించిన ప్రభావం ఇదే. లక్షణ రేఖలను వెనక్కి పొడిగిస్తే అవి దాదాపు ఒకే బిందువు వద్ద వోల్టేజీ అక్షాన్ని తాకుతాయి. ఆ బిందువు పరిమాణమే ఎర్లీ వోల్టేజీ, VA. కింద ro ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్, gm ట్రాన్స్‌కండక్టెన్స్, IC కలెక్టర్ కరెంట్, VT థర్మల్ వోల్టేజీ; gm, ro లబ్ధమే గెయిన్‌కు హద్దు.

```
ro ≈ VA / IC
gm = IC / VT
gm × ro ≈ VA / VT
```

కరెంట్‌ను రెట్టింపు చేస్తే gm రెట్టింపవుతుంది, ro సగమవుతుంది, లబ్ధం కదలదు. 1 mA వద్ద VA 100 V అనుకుంటే ro 100 కిలో ఓమ్‌లు. VT సుమారు 25 mV కనుక గెయిన్ హద్దు 4000. అయితే మీ కరెంట్ సోర్స్ కూడా ట్రాన్సిస్టరే. ఆ పీఎన్‌పీ VA 50 V అయితే దాని ro 50 కిలో ఓమ్‌లు, రెండూ సమాంతరంగా కలిసి 33 కిలో ఓమ్‌లు, గెయిన్ సుమారు 1330. తరువాతి స్టేజ్ కూడా 1 mA వద్దే నడిచే కామన్ ఎమిటర్ అయి, దాని బీటా 200 అయితే, 5 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ రెసిస్టెన్స్ వచ్చి పడి గెయిన్ 175 దగ్గరికి జారిపోతుంది. నేను చూసిన సర్క్యూట్లలో ఎర్లీ ఎఫెక్ట్ మీద వేసిన నిందలో చాలా భాగం నిజానికి ఈ లోడింగ్‌దే. కాబట్టి మధ్యలో ఎమిటర్ ఫాలోయర్ పెట్టి కొలిచిన తరువాతే ro గురించి ఆలోచించండి.

VAను స్వయంగా కొలవదలిస్తే వేడి విషయంలో జాగ్రత్త అవసరం. నా బల్ల మీద VBEను స్థిరంగా ఉంచి VCEని 2 V నుంచి 10 Vకి పెంచినప్పుడల్లా, కరెంట్ ఒక్కసారి ఎగసి అక్కడ ఆగకుండా నెమ్మదిగా పైకి పాకుతూ కనిపించేది. 1 mA వద్ద అదనంగా ఖర్చయ్యే శక్తి 8 mW; చిన్న ప్లాస్టిక్ ప్యాకేజీలో మిల్లీవాట్‌కు 0.2 డిగ్రీల చొప్పున జంక్షన్ 1.6 డిగ్రీలు వేడెక్కుతుంది. డిగ్రీకి సుమారు 8 శాతం చొప్పున ఆ వేడి ఒక్కటే కరెంట్‌ను 13 శాతం పెంచుతుంది, కాగా ఎర్లీ ఎఫెక్ట్ వాటా 8 శాతమే. అందువల్ల VCEని మిల్లీసెకను కన్నా చిన్న పల్స్‌గా ఇచ్చి, తొలి పెరుగుదలను మాత్రమే ఆసిలోస్కోపులో చదవాలి. నిలకడగా ఇచ్చి మీటరుతో చదివితే VA అసలు విలువకన్నా చాలా తక్కువగా తేలుతుంది.