వైజాగ్ అని వెతికినా దొరకాలి

సందేహం: విశాఖ రేవు చరిత్ర మీద పుస్తకం రాశాను. చివర పదసూచిలో విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు మూడూ ఒకే పేరు కింద వేసేయొచ్చా? 'చూడుము' అనాలా, 'చూడండి' అనాలా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం: పుస్తకం వాడుక భాషలో ఉంటే 'చూడండి' అనే వేయండి, 'చూడుము' గ్రాంథికం.

పేర్ల సంగతి అంత తేలిక కాదండీ. వైజాగ్, విశాఖపట్నం ఒకే ఊరు కాబట్టి వైజాగ్ దగ్గర 'విశాఖపట్నం చూడండి' అంటే సరిపోతుంది. వాల్తేరుని మాత్రం కలపకండి, అది ఊళ్లో ఒక భాగం, రైల్వే స్టేషన్ పాత పేరు కూడా అదే, కనుక దానికి సొంత పేజీలతో వేరే పదం ఉండాలి. ఇంకో చిక్కు, మీ పుస్తకమంతా విశాఖ గురించే కదా, ఊరి పేరు కనబడిన ప్రతి పేజీ ఎక్కిస్తే నంబర్ల వరస తప్ప ఏమీ మిగలదు. వేరే పదం కింద ఇమడని విషయాలనే, ఊరి పేరు పుట్టుక లాంటివాటినే, అక్కడ ఉంచండి.

షిప్‌యార్డ్ తీసుకోండి. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టింది, 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది, 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. మీ పుస్తకంలో రెండు పేర్లూ వస్తాయి, పాఠకుడు ఏ పేరుతో వెతుకుతాడో మనకి తెలీదు. పేజీలు ఇలా ఉన్నాయనుకుంటే:

హిందుస్థాన్ షిప్‌యార్డ్
– సింధియా కాలం, 61–70
– జల ఉష, 66–67
– ప్రభుత్వం చేతికి, 71–74
– ఇంకా చూడండి: కార్మిక సంఘాలు

సింధియా షిప్‌యార్డ్: హిందుస్థాన్ షిప్‌యార్డ్ చూడండి

సింధియా (ప్రాంతం), 112

'చూడండి' దగ్గర పేజీ నంబర్లు ఉండవు, మొత్తం సమాచారం అటువైపే ఉందని దాని అర్థం. 'ఇంకా చూడండి' అంటే ఇక్కడా ఉంది, దగ్గరి విషయం అక్కడా ఉంది అని. అయితే ఒకటి రెండు పేజీల పదానికి పాఠకుణ్ణి ఇంకోచోటికి పంపడం అన్యాయం, ఆ నంబర్లే రెండు పేర్ల కిందా వేసేయండి. ఒక పదం పక్కన నంబర్లు ఆరేడు దాటాయంటే మాత్రం ఉపపదాలుగా విడగొట్టాల్సిందే, ఎవరూ అన్ని పేజీలూ తిప్పి చూడరు.

పీడీఎఫ్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. 'విశాఖపట్నం' అని కొడితే 'విశాఖపట్నానికి', 'విశాఖపట్నాన్ని' దొరకవు, 'విశాఖపట్న' వరకే కొట్టండి. రేవుని ఒకచోట పోర్టు అనీ, మరోచోట హార్బర్ అనీ రాసుంటారు, కొన్ని పేరాల్లో పేరే లేకుండా 'అక్కడి పనులు' అని ఉంటుంది, అవి చదివితే తప్ప పట్టుబడవు. దొరికిన ప్రతిదీ ఎక్కించక్కర్లేదు కూడా, ఆ పేజీకి వెళ్లినవాడికి కొత్తగా ఏదైనా తెలుస్తుందా అన్నదే లెక్క.

పేజీలు ఇక మారవని ప్రెస్ వాళ్లు చెప్పాకే నంబర్లు వేయండి. చివర్లో ప్రతి 'చూడండి' వెంట వెళ్లి చూడండి. పోర్టు దగ్గర 'రేవు చూడండి' అనీ, రేవు దగ్గర 'పోర్టు చూడండి' అనీ ఉండి, నంబర్లు ఎక్కడా లేని పదసూచులు నేను చాలానే చూశాను.