నాన్‌కంపీట్ చూసి భయపడ్డారు, ప్రొబేషన్ పేరా వదిలేశారు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 78,000 వస్తోంది. కొత్త కంపెనీ 1,12,000 వచ్చేలా నమూనా ఆఫర్ లెటర్ పంపింది. మానేశాక ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదని అందులో ఉంది, అదే టెన్షన్. ఇక్కడ నోటీసు 90 రోజులు, వాళ్లేమో నెలలో చేరమంటున్నారు. మిగతా రెండు నెలలకు 1,70,000 కట్టాలి. పర్సనల్ లోన్ 2 లక్షలు తీసుకుని కట్టేస్తాను. కొత్త కంపెనీ ఆ 1,70,000 మూడో నెలలో తిరిగి ఇస్తుంది కాబట్టి దాన్ని కారు డౌన్ పేమెంట్‌కి వాడదామని ఆలోచన, కారు ఈఎంఐ 14,000 పడుతుంది. ఇంటి ఈఎంఐ 27,000తో కలిపి నెల ఖర్చు 66,000. బ్యాంకులో 90,000 ఉంది. సంతకం చేయవచ్చా?

జవాబు: ఇలా అడిగేవాళ్లు దాదాపు అందరూ మీలాగే భయపడాల్సిన పేరా వదిలేసి, అంతగా భయపడక్కర్లేని దాని గురించి నిద్ర మానుకుంటారు. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు నాన్‌కంపీట్. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకుండా ఆపే ఒప్పందం మన దేశంలో చెల్లదు. 2006లో జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం పోటీ కంపెనీకి పనిచేయకూడదనే షరతు మాత్రం చెల్లుతుంది. కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదనే షరతు మానేశాక కూడా మిమ్మల్ని వదలదు. మీ లెటర్‌లో "క్లయింట్ల దగ్గర కూడా చేరకూడదు" అని ఉంటే, ఆ క్లయింట్లెవరో పేర్లు అడగండి. దీనికోసం ఇంతకంటే టైమ్ పెట్టకండి.

డబ్బు వెనక్కి కట్టాలనే షరతుల సంగతి వేరు. వాటిని కోర్టులు అంత తేలిగ్గా కొట్టేయవు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు కేసే, కానీ మీ సంతకానికి విలువ ఉంటుందని అర్థం చేసుకోవడానికి అది చాలు.

ఇప్పుడు మీరు నాకు పంపిన కాపీలో ప్రొబేషన్ పేరా మళ్లీ తెరవండి. ఆరు నెలల ప్రొబేషన్ అని మొదటి వాక్యం. రెండో వాక్యంలో, రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ప్రొబేషన్ కొనసాగుతుందని ఉంది. అంటే ఆరు నెలలు నిండినా ఆ లెటర్ చేతికి రాకపోతే మీరు ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు. ఆ కాలంలో మిమ్మల్ని తీసేయాలంటే వాళ్లకు 15 రోజుల నోటీసు చాలు, లేదా దానికి బదులు 15 రోజుల బేసిక్ ఇస్తే చాలు. మీరు మానేయాలంటే మాత్రం 60 రోజులు. కన్ఫర్మ్ అయ్యాక ఇరువైపులా 90. కంపెనీ ఎలాంటిదో ఈ 15కీ 60కీ మధ్య ఉన్న తేడాలోనే తెలుస్తుంది. పద్ధతిగా నడిచే చోట ప్రొబేషన్‌లో ఇద్దరికీ ఒకే గడువు ఉంటుంది.

అసలు ప్రమాదం చివరి పేజీలో ఉంది. తిరిగి ఇచ్చిన 1,70,000ను, పన్నెండు నెలలలోపు ఉద్యోగం "ఏ కారణంతోనైనా" ముగిస్తే వెనక్కి కట్టాలి. మీరు రాజీనామా చేస్తే అని లేదు. వాళ్లు తీసేసినా కట్టాల్సింది మీరే.

నాలుగో నెల మధ్యలో ప్రాజెక్ట్ ఆగిపోయి మిమ్మల్ని తీసేశారనుకోండి. ఆ నెల పనిచేసిన సగానికి 56,000 వస్తుంది. బేసిక్ 50,000 కాబట్టి నోటీసుకు బదులుగా 25,000. రెండూ కలిపి 81,000. అందులోంచి 1,70,000 తీసేస్తే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో మీరే 89,000 బాకీ. మీ 90,000 దానికే పోతుంది. ఆ రోజు నుంచి జీతం లేదు, నెల ఖర్చు మాత్రం 66,000తో ఆగదు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అయితే ఈఎంఐ సుమారు 6,800. దానికి కారు 14,000 కలిపితే నెలకు 86,800 కావాలి.

రెండేళ్ల కిందట ఒకాయన నా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో ఆ సెటిల్‌మెంట్ షీట్ చూపించారు. కింద వరుసలో మైనస్ గుర్తు చూసి "ఇది వాళ్లు నాకివ్వాల్సింది కదండీ?" అని రెండుసార్లు అడిగారు. కాదని చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన దగ్గర కూడా ఎమర్జెన్సీ ఫండ్ లేదు. మూడు నెలలు క్రెడిట్ కార్డుతో ఇల్లు నడిపారు.

అందుకే లోన్ వద్దు. నోటీసు కొనుక్కోవడానికి అప్పు, అది తీర్చాల్సిన డబ్బుతో ఇంకో అప్పు: ఈ ఆలోచన ఇక్కడే ఆపేయండి. కారు తర్వాత సంగతి.

హెచ్‌ఆర్‌కి ఒకే మెయిల్ రాయండి. ప్రొబేషన్‌లో ఇద్దరికీ 30 రోజుల నోటీసు అడగండి. ఆరు నెలలు దాటాక లెటర్ రాకపోయినా కన్ఫర్మ్ అయినట్టే అని రాయమనండి. "ఏ కారణంతోనైనా" తీసేసి "ఉద్యోగి స్వయంగా రాజీనామా చేస్తే" అని మార్చమనండి. చేరే తేదీ ఇంకో నెల తర్వాతికి జరపమని కూడా అడగండి, అప్పుడు కట్టాల్సింది 85,000కి తగ్గుతుంది. ఆ 85,000 జాయినింగ్ రోజే ఇవ్వమనండి. జవాబు ఫోన్‌లో వస్తే చాలదు, మెయిల్‌లో ఉండాలి. అసలు ఆఫర్ లెటర్ వచ్చాక నమూనాతో వాక్యం వాక్యం పోల్చి చూసి, ఆ తర్వాతే ఇక్కడ రాజీనామా పెట్టండి. ఇక్కడ నోటీసు వదిలేసి వెళ్లిపోవడం మాత్రం వద్దు. రిలీవింగ్ లెటర్ లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు.

ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉండాలో కూడా ఆ లెటర్ చూసే లెక్క వేయాలి. 66,000 చొప్పున ఆరు నెలలకు 3,96,000. రికవరీ షరతు మార్చకపోతే దానికి 1,70,000 కలపండి, 5,66,000 అవుతుంది. మార్చితే, కొత్త జీతంలో నెలకు మిగిలే 46,000 పక్కన పెడుతూ పోతే, ఇప్పుడున్న 90,000తో కలిపి ఏడెనిమిది నెలల్లో మొదటి మొత్తం చేరుతుంది. అందాకా ఎస్‌ఐపీలు కొత్తవి మొదలుపెట్టకండి. బంగారం కూడా ఆగనివ్వండి.

ఇంకొకటి, రాజీనామాకు ముందే చేయాల్సింది. మీ పాత కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది. అమ్మానాన్నలు అందులో ఉంటే వాళ్లకూ అంతే. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, ఎందుకంటే అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్లదాకా వెయిటింగ్ పీరియడ్ ఉండవచ్చు. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత పాలసీకి మారే వీలుందేమో, ఉద్యోగంలో ఉండగానే అడగండి.

కొత్త కంపెనీ రికవరీ షరతు మార్చనంటే, పూర్తి 90 రోజులు ఇక్కడే పనిచేసి వస్తానని చెప్పండి. అప్పుడు వాళ్లు ఇచ్చేదీ ఉండదు, మీరు తిరిగి కట్టేదీ ఉండదు. అంతవరకు ఆగలేమంటే ఈ ఆఫర్ వదిలేయండి.