‘ఎంత జీతమైనా పర్లేదు’ అని రాయకండి

ప్రశ్న: సార్, పలాసలో ఓ ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుని. సర్వీసు 4 ఏళ్ల 5 నెలలు. చేతికి 45 వేలు వస్తుంది. ఇంటి ఖర్చులు, లోన్ కిస్తీ పోగా నెలకి 8 వేలు మిగులుతుంది. స్టాఫ్ హౌసింగ్ లోన్ ఇంకా 15 లక్షలుంది. దాచుకున్నది 3.2 లక్షలు. రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని సొంతంగా మెషిన్ లెర్నింగ్ నేర్చుకున్నాను. విశాఖలో ఓ కంపెనీ జూనియర్ డేటా అనలిస్టు పోస్టు వేసింది, 5 లక్షల సీటీసీ అంటున్నారు. నా కవర్ లెటర్ పంపుతున్నాను. ఇలా పంపొచ్చా? ఉద్యోగం మారితే డబ్బుకి తట్టుకోగలనా? – ఓ పాఠకుడు, పలాస

జవాబు: మీ లెటర్ మూడుసార్లు చదివాను. మొదట చివరి లైను గురించి చెప్తాను. ‘ఎంత జీతం ఇచ్చినా చేరడానికి సిద్ధం’ అని రాశారు. అవతలివాళ్లు 5 లక్షలు ఇవ్వడానికి సిద్ధపడి ఉన్నా, ఈ లైను చూశాక నాలుగు అంటారు. అడక్కుండానే లక్ష తగ్గించుకున్నట్టే. నోటిఫికేషన్‌లో ఎంత ఆశిస్తున్నారని అడిగితే తప్ప కవర్ లెటర్‌లో జీతం ఊసే వద్దు. అడిగితే ఎంత చెప్పాలో కింద లెక్క వేద్దాం.

ఇంటర్వ్యూ పిలుపు రావడం, రాకపోవడం మాత్రం రెండో పేరా మీద ఆధారపడి ఉంటుంది. ‘ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎవరు చేస్తారో ముందే చెప్పే మోడల్ తయారుచేశాను, ఆక్యురసీ 91 శాతం’ అన్నారు, అంటే నూటికి 91 మంది గురించి సరిగ్గా చెప్పిందని. ఫైనాన్షియల్ ప్లానర్ కాకముందు నేను ఓ బ్యాంకులో డిపాజిట్ల కోసం ఎవరికి ఫోన్ చేయాలో లిస్టులు తయారుచేసేవాణ్ని. కాబట్టి ఆ 91 చూడగానే చెయ్యి ఆగింది. మీరు వాడిన డేటా యూసీఐ అనే అమెరికా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో అందరికీ దొరికే `bank-full.csv`. పోర్చుగల్‌లోని ఓ బ్యాంకు 2008 నుంచి 2010 దాకా కస్టమర్లకి ఫోన్లు చేసి డిపాజిట్ అడిగిన రికార్డు అది. మొత్తం 45,211 వరసలు. డిపాజిట్ చేసినవాళ్లు 5,289 మంది. మిగతా 39,922 మంది వద్దన్నారు.

ఇప్పుడు మోడల్, పైథాన్ ఏమీ లేకుండా, ఎవరి గురించి అడిగినా ‘వీళ్లు చెయ్యరు’ అని చెప్పే మనిషిని కూర్చోబెట్టండి. అతని ఆక్యురసీ 88.3 శాతం. అతనివల్ల బ్యాంకుకి ఒక్క డిపాజిట్ కూడా రాదు. అంటే మీ రెండేళ్ల కష్టం ఆ మనిషి కంటే మూడు శాతం కూడా ఎక్కువ కాదని మీ లెటరే చెబుతోంది. చదివేవాళ్లకి ఈ డేటా తెలిసి ఉంటుంది, నేర్చుకునేవాళ్లు చాలామంది వాడేది ఇదే.

ఇంకో మెలిక ఉంది. ఆ ఫైల్‌లో `duration` అనే కాలమ్ ఉంటుంది. ఫోన్ ఎన్ని సెకన్లు నడిచిందో అందులో ఉంటుంది. డిపాజిట్ చేద్దామనుకున్నవాళ్లు ఎక్కువసేపు మాట్లాడతారు, వద్దనుకున్నవాళ్లు వెంటనే పెట్టేస్తారు. మోడల్‌కి ఇది కనిపిస్తే మార్కులు బాగా వస్తాయి. కానీ ఎవరికి ఫోన్ చేయాలో తేల్చేది ఫోన్ చేయకముందు. అప్పటికి ఆ కాల్ ఎంతసేపు నడుస్తుందో ఎవరికి తెలుసు? పరీక్షకి ముందే జవాబు పేపర్ చూసినట్టే ఇది. డేటాతోపాటు ఇచ్చిన వివరణలోనే, నిజంగా పనికొచ్చే మోడల్ కావాలంటే ఈ కాలమ్ తీసేయమని రాసి ఉంది. మీరు జత చేసిన నోట్‌బుక్‌లో అది అలాగే ఉంది. ముందు ఈ ఒక్క లైను కలిపి మోడల్ మళ్లీ నడపండి:

```
df = df.drop(columns=["duration"])
```

ఆక్యురసీ తగ్గుతుంది. తగ్గనివ్వండి, దాన్ని లెటర్‌లో రాయనే వద్దు. దాని బదులు బ్రాంచి మేనేజర్ అడిగే ప్రశ్నకి జవాబు రాయండి: ‘ఈ నెల వెయ్యి ఫోన్లే చేయగలం, ఎవరికి చేద్దాం?’ లిస్టులోంచి గుడ్డిగా వెయ్యిమందిని తీస్తే ఈ డేటా ప్రకారం సుమారు 117 మంది ఒప్పుకుంటారు. శిక్షణకి వాడకుండా పక్కన పెట్టిన 9 వేలమందిని మీ మోడల్ చేత వరసలో పెట్టించి, పైనున్న వెయ్యిమందిలో నిజంగా ఎంతమంది ఒప్పుకున్నారో లెక్కపెట్టండి. ఉదాహరణకి 400 వచ్చిందనుకోండి, అదే కూలికి మూడింతలకి పైగా డిపాజిట్లు. 250 వచ్చినా 250 అనే రాయండి. ఇంటర్వ్యూలో ‘ఎలా వచ్చింది’ అని అడిగితే తడబడకుండా చెప్పగలిగే అంకె అదే. అన్నట్టు, ముందు ఫోన్ చేసి ఎన్ని రోజులైందో చెప్పే `pdays` కాలమ్‌లో -1 అంటే ఆ కస్టమర్‌కి ముందెప్పుడూ ఫోన్ చేయలేదని అర్థం. మీరు దాన్ని కూడా కలిపి సగటు తీశారు. అది కూడా సరిచేయండి, అడిగేవాళ్లు అడుగుతారు.

మూడో పేరాలో ‘మా బ్రాంచిలోని 1,800 ఖాతాల మీద కూడా పరీక్షించాను’ అన్న వాక్యం చూసి నాకే టెన్షన్ వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు కస్టమర్ల వివరాలు బయటపెట్టనని గోప్యతా ప్రకటన మీద సంతకం చేశారు కదా. ఆ వాక్యం మీ చేత్తో మీరే రాసిచ్చిన సాక్ష్యం. విచారణ మొదలైతే మీ రాజీనామా ఆమోదం కూడా ఆగిపోవచ్చు. కొత్త కంపెనీ కూడా, రేపు మా డేటా ఇలాగే పట్టుకెళ్తాడేమో అనుకుంటుంది. ఆ వాక్యం తీసేయండి. ఆ ఫైలు మీ సొంత ల్యాప్‌టాప్‌లో ఉంటే అదీ ఉండకూడదు.

దాని జాగాలో మీ కౌంటర్ అనుభవం పెట్టండి. మీ లెటర్‌లో ఆన్‌లైన్ కోర్సుల పేర్లు ఆరు ఉన్నాయి, పలాస అన్న మాట మాత్రం లేదు. జీడిపిక్కలు కొనే సీజన్‌లో వ్యాపారి డబ్బంతా సరుకులో ఉంటుంది. అప్పుడు డిపాజిట్ అడిగితే మంచివాడైనా కాదంటాడు, సరుకు అమ్ముడయ్యాక అడిగితే తనే బ్రాంచికి వస్తాడు. ఈ సంగతి మీకు రోజూ కనిపించేదే. డేటాలో ఉన్న `month` కాలమ్‌ని చూడాల్సింది ఈ కన్నుతోనే. ఈ కన్ను కోర్సు చేసిన పాతికేళ్ల కుర్రాడికి ఉండదు. మీరు ఇంగ్లిష్‌లో పంపాల్సిన ఆ పేరా తెలుగులో ఇలా ఉంటుంది:

‘నాలుగేళ్లుగా జీడి వ్యాపారులు ఎక్కువగా ఉండే బ్రాంచిలో కౌంటర్ చూస్తున్నాను. డిపాజిట్ కోసం ఎవరిని, ఎప్పుడు అడగాలన్నది అక్కడే ప్రశ్నగా మొదలైంది. అందరికీ అందుబాటులో ఉన్న ఓ పోర్చుగల్ బ్యాంకు డేటా మీద, ఫోన్ చేయకముందు తెలిసే వివరాలు మాత్రమే వాడి, కస్టమర్లని వరసలో పెట్టే మోడల్ తయారుచేశాను. గుడ్డిగా చేసిన వెయ్యి కాల్స్‌లో 117 మంది ఒప్పుకునే చోట, ఈ వరసలోని మొదటి వెయ్యిలో ___ మంది ఒప్పుకున్నారు. కోడ్ జత చేశాను.’

ఖాళీలో మీ అంకె వేయండి. కోర్సుల పేర్లు రెజ్యూమెలో ఒక లైనులో చాలు.

ఇక డబ్బు. 5 లక్షల సీటీసీలో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కేటాయింపు కూడా కలిపేస్తారు. నెలకి చేతికొచ్చేది 36 వేలు అనుకోండి. ఇప్పటికంటే 9 వేలు తక్కువ. విశాఖలో అద్దె మరో 9 వేలు. బ్యాంకు మెడికల్ పాలసీ పోతుంది కాబట్టి సొంత పాలసీకి నెలకి సుమారు 1,500. స్టాఫ్ హౌసింగ్ లోన్‌ని రాజీనామా తర్వాత చాలా బ్యాంకులు మామూలు వడ్డీకి మారుస్తాయి, లేదా కట్టేయమంటాయి. రేటు 2 శాతమే పెరిగిందనుకున్నా 15 లక్షల మీద మొదటి ఏడాది 30 వేలు, అంటే నెలకి 2,500. అన్నీ కలిపితే 22 వేలు. ఇప్పుడు మిగులుతున్న 8 వేలు అందులో సర్దేస్తే, నెలనెలా 14 వేలు దాచుకున్నదాంట్లోంచి తీయాలి. ఇంటి అడ్వాన్సు, సామాను తరలింపు 50 వేలు పోతే 2.7 లక్షలు మిగులుతాయి. అవి 19 నెలలు వస్తాయి. ఆలోగా జీతం పెరగాలి, లేదా ఖర్చు తగ్గాలి. గట్టి లెక్కేం కాదు, అలాగని పిచ్చి సాహసమూ కాదు.

ఎన్‌పీఎస్ గురించి కంగారు వద్దు, మీ పెన్షన్ ఖాతా ప్రాన్ నంబరు మీతోనే వస్తుంది.

గ్రాట్యుటీ సంగతి చూడండి. అయిదేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే అది రాదు. మీ సర్వీసుకి బేసిక్, డీఏ కలిపి 36 వేల చుట్టూ ఉండాలి, పే స్లిప్ చూసి సరిచేసుకోండి. 36,000ని 15తో గుణించి, 26తో భాగించి, 5 ఏళ్లతో గుణిస్తే దాదాపు 1,03,800 రూపాయలు. మీ నెలసరి లోటుకి ఏడు నెలలకి పైగా సరిపోయే సొమ్ము అది, మీరు ఆగాల్సింది కూడా ఏడు నెలలే. అయినా లెటర్ ఇప్పుడే పంపమంటాను. ఇంటర్వ్యూకి వెళ్తే ఖర్చు లేదు, మోడల్‌లో లోపాలు తెలుస్తాయి. కాకపోతే బయట ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోవడానికి అనుమతి కావాలో లేదో మీ సర్వీసు నియమాల్లో ముందు చూసుకోండి. ఆఫర్ వస్తే చేరే తేదీ ఎంతవరకు జరపగలరో అడగండి. ఒక్కరోజు కూడా జరపలేమంటే, పోగొట్టుకునే లక్షని జీతంలో అడగాలి. ఎంత ఆశిస్తున్నారని అడిగినప్పుడు 6 లక్షలు చెప్పండి. నా లెక్కలో 5 కంటే తగ్గితే, ఈ లోన్ ఉన్నంతకాలం కదలొద్దు.

ఆ లోన్ సంగతే ఇంకొకటి. స్టాఫ్ లోన్‌లో కిస్తీ ముందు అసలుకి జమవుతుంది, వడ్డీ విడిగా పోగవుతూ చివర్లో కట్టించుకుంటారు. చాలా బ్యాంకుల్లో పద్ధతి ఇదే. మీరు చెప్పిన 15 లక్షలు అసలు మాత్రమేనేమో. రాజీనామా రోజున పోగైన వడ్డీ కూడా కలిపి అడుగుతారు. ఆ మొత్తం ఎంతో ఈ వారమే మీ బ్రాంచిలో ఓ స్టేట్‌మెంట్ తీయించి, ఆ 19 నెలల లెక్క మళ్లీ వేసి నాకు పంపండి.