మొదటిసారి లోను తీసుకునేవాళ్ళకు వడ్డీ, ఈఎంఐ ఎలా వివరించాలి?

ప్రశ్న: బ్రాంచి మేనేజరుగా కొత్తగా చేరాను. మొదటిసారి ఇంటి లోను తీసుకునేవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏడాది తిరగ్గానే వచ్చి "లక్ష కట్టాను, అసలు ఎందుకు తగ్గలేదు?" అని అడుగుతున్నారు. ఆ మాట రాకుండా ముందే ఎలా చెప్పాలి?

జవాబు: ఆ లక్ష లెక్కతోనే మొదలుపెట్టండి. చాలామంది మేనేజర్లు వడ్డీ రేటు నిర్వచనంతో మొదలుపెడతారు. రెండో నిమిషానికే వినేవాళ్ళ ధ్యాస వేరే ఎటో పోతుంది. ఇన్నేళ్ళుగా ఇలాంటివాళ్ళతో మాట్లాడుతున్నాను, సూత్రం విని అర్థం చేసుకున్నవాళ్ళకంటే మొదటి నెల లెక్క చూసి అర్థం చేసుకున్నవాళ్ళే ఎక్కువ.

బోర్డు మీద ఒకే లోను రాయండి. 10 లక్షలు, ఏడాదికి 9 శాతం, 20 ఏళ్ళు, ఈఎంఐ 8,997 రూపాయలు. తర్వాత ఇలా చెప్పండి: "ఏడాదికి 9 అంటే నెలకు ముప్పావు శాతం, అంటే నూటికి 75 పైసల వడ్డీ. 10 లక్షల మీద మొదటి నెల వడ్డీ 7,500. మీరు కట్టిన 8,997లో ముందు ఆ వడ్డీ పోతుంది. మిగిలిన 1,497 మాత్రమే అసలులో తగ్గుతుంది. వచ్చే నెల వడ్డీ 10 లక్షల మీద కాదు, మిగిలిన 9,98,503 మీద. అది 7,489. అంటే ఈసారి అసలుకి 11 రూపాయలు ఎక్కువ జమ అవుతాయి."

ఇక్కడ కాసేపు ఆగండి. కట్టే మొత్తం మారదు, లోపలి వాటాలు మాత్రం నెలనెలా మారతాయి అన్న సంగతి అప్పుడే మనసుకెక్కుతుంది. ఆ తర్వాత ఏడాది చివరి లెక్క చూపించండి. కట్టింది దాదాపు 1,08,000, అసలులో తగ్గింది 18,700 చిల్లర. ఈ లోనులో అసలు వాటా వడ్డీ వాటాను దాటేది 13వ ఏట. ఇది దాచాల్సిన విషయం కాదు. ముందే విన్నవాళ్ళు ఏడాది తర్వాత మోసపోయామనుకోరు.

రేటు మారే లోను అయితే ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. రేటు పెరిగినప్పుడు చాలాసార్లు ఈఎంఐని అలాగే ఉంచి గడువు పెంచుతారు. మొదట్లోనే 9 శాతం 9.5 అయితే, అదే 8,997 కడుతూ పోతే 240 నెలల లోను 269 నెలలకు వెళుతుంది. గడువు అలాగే ఉండాలంటే ఈఎంఐ 9,321 అవుతుంది, అంటే నెలకు 324 ఎక్కువ. ఈఎంఐ మారలేదు కదా అని ఊరుకునేవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు. రేటు మారిన ప్రతిసారీ స్టేట్‌మెంటులో మిగిలిన నెలల సంఖ్య చూసుకోమని చెప్పండి.

ఫ్లాట్ రేటు గురించి కూడా తప్పక అడుగుతారు, ఎందుకంటే బయట అది తక్కువ రేటులా కనిపిస్తుంది. లక్ష రూపాయలు, ఏడాది గడువు, 12 శాతం అనుకోండి. మిగిలిన అసలు మీద వడ్డీ వేస్తే ఈఎంఐ 8,885. ఫ్లాట్ అయితే 9,333. ఎందుకంటే చివరి నెలలో బాకీ 9 వేల లోపే ఉన్నా, వడ్డీ మాత్రం లక్షకే వేసి 1,000 తీసుకుంటారు. ఆ 12 శాతం ఫ్లాట్ నిజానికి దాదాపు 21.5 శాతం. స్ప్రెడ్‌షీటులో ఈ ఒక్క లైను కొట్టి చూపిస్తే చాలు:

```
=RATE(12,-9333,100000)*12
```

రేట్లు పోల్చవద్దు, ఒకే మొత్తానికి ఒకే గడువుకి ఈఎంఐలు పోల్చండి అని చెప్పండి. ప్రాసెసింగ్ ఫీజు, బీమా విడిగా అడిగి పక్కన రాసుకోమనండి, అవి ఈఎంఐలో కనిపించవు.

చివరగా, చేతికి కాస్త డబ్బు వస్తే ఏం చేయాలన్నది. అదే 10 లక్షల లోనులో మొదటి ఏడాది చివర 50,000 అదనంగా కడితే అది పూర్తిగా అసలులోకి పోతుంది. ఈఎంఐ మార్చకపోతే 27 నెలల వాయిదాలు తగ్గుతాయి, దాదాపు రెండు లక్షల వడ్డీ మిగులుతుంది. అదే 50,000ని 15వ ఏట కడితే ఇంత లాభం ఉండదు, అప్పటికే వడ్డీలో ఎక్కువ భాగం కట్టేసి ఉంటారు. ముందస్తు చెల్లింపుకి ఛార్జీ ఉందేమో ఒప్పందంలో చూసుకోమని చెప్పండి. కట్టేటప్పుడు "గడువు తగ్గించండి, ఈఎంఐ అలాగే ఉంచండి" అని రాసివ్వమనండి. రాసివ్వకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి గడువు అలాగే ఉంచేస్తారు, అప్పుడు మిగిలే వడ్డీ చాలా తక్కువ.