ఏఎల్‌పీ పరీక్ష తెలుగులో రాయాలనుకుంటున్న అల్లుడికి

రాకేశ్‌కు,

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష తెలుగులో రాస్తే కాజీపేట డిపోలో చిన్నచూపు చూస్తారేమోనని అడిగినవు. చూడరు బిడ్డా. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ లేదు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు మెరిట్ కట్టేది నార్మలైజ్ చేసిన మార్కులతోనే, నువ్వు ఏ భాషలో చదివి జవాబు పెట్టినవో అందులో లెక్కకు రాదు. అయితే భాషవల్ల మార్కులే పోయే చోట్లు కొన్ని ఉన్నయి. వాటి గురించే రాస్తున్న.

దరఖాస్తు నింపేటప్పుడే పరీక్ష భాష అడుగుతారు. అక్కడ తెలుగు పెట్టు. ఇంగ్లీషు ప్రశ్న ఎట్లాగూ ఉంటది కాబట్టి పోయేదేం లేదు. స్క్రీన్ మీద `View in` దగ్గర భాష మార్చుకోవచ్చు. పరీక్షకు ముందు బోర్డు ఇచ్చే మాక్ టెస్ట్ లింకులో అది ఒకసారి నొక్కి చూసుకో. ఇక ముఖ్యమైన నిబంధన: రెండు భాషల ప్రశ్నల మధ్య తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే చెల్లుతది.

అది ఎక్కడ దెబ్బకొడుతదో ఒక లెక్కతో చూడు. రెండో కంప్యూటర్ పరీక్ష, అదే రెండో సీబీటీ, పార్ట్-ఏలో బేసిక్ సైన్స్, ఇంజినీరింగ్ ప్రశ్నలు ఉంటయి. ఒక యంత్రానికి 2000 జౌళ్లు ఇస్తే 10 సెకన్లలో 1500 జౌళ్ల పని చేసింది, దాని ‘సామర్థ్యం’ ఎంత అన్నారనుకో. మన బడి పుస్తకాల్లో సామర్థ్యం అంటే పవర్, ఎఫిషియెన్సీని దక్షత అంటరు. కానీ అనువదించేవాళ్లు ఎఫిషియెన్సీకి కూడా సామర్థ్యం అని రాసే ప్రమాదం ఉంది. పవర్ అయితే 1500ను 10తో భాగించి 150 వాట్లు. ఎఫిషియెన్సీ అయితే 1500ను 2000తో భాగించి 75 శాతం. ముందు ఆప్షన్ల పక్కన ప్రమాణం చూడు. వాట్లుంటే పవర్, శాతం గుర్తుంటే ఎఫిషియెన్సీ. ప్రమాణాలు లేకుండా 150, 75 రెండూ ఆప్షన్లలో కనిపిస్తే మాత్రం వెంటనే ఇంగ్లీషుకు మార్చి ఆ ఒక్క పదం చూసుకో. వేగం, వడి, భారం, ద్రవ్యరాశి అన్న చోట్ల కూడా ఇదే జాగ్రత్త.

అట్లని ప్రతి ప్రశ్నా రెండు భాషల్లో చదవకు. పార్ట్-ఏలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 54 సెకన్లు. రెండుసార్లు చదివితే చివరి ప్రశ్నలు ముట్టుకోకుండానే టైం అయిపోతది. రీజనింగ్, పెద్ద మాటల లెక్కలు తెలుగులో చదువు. సైన్స్, ట్రేడ్ పదాలు మాత్రం ఇప్పటినుంచే ఒక నోటుబుక్కులో జంటగా రాసుకో: ఎడమ ఇంగ్లీషు, కుడి తెలుగు. ఐటీఐలో సార్లు షాపులో వాడేది ఇంగ్లీషు పదాలే కాబట్టి సగం నీకు వచ్చినవే. అనుమానం తీరకుంటే గుడ్డిగా పెట్టకు, తప్పుకు మూడోవంతు మార్కు కోస్తరు.

జవాబుల కీ వచ్చినంక అభ్యంతరం పెట్టొచ్చు, ప్రశ్నకు 50 రూపాయలు, నీదే నిజమని తేలితే వాపస్ ఇస్తరు. కానీ ‘తెలుగు అనువాదం తప్పు’ అన్నంతమాత్రాన మార్కు రాదు, ఎందుకంటే ఇంగ్లీషులో సరిగ్గా ఉంటే నిబంధన వాళ్లదిక్కే ఉంది. ఇంగ్లీషు ప్రశ్న కూడా తప్పుగా ఉంటేనో, రెండు జవాబులకు చోటిస్తేనో మాత్రమే డబ్బు కట్టు.

చాలామంది పట్టించుకోనిది తర్వాతి మెట్టు. ఆప్టిట్యూడ్ టెస్టు, అదే సీబీఏటీ, ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటది. తెలుగు లేదు. అందులోని ఒక్కో టెస్టులో టీ-స్కోరు 42 రావాలె, ఏ వర్గానికీ సడలింపు లేదు, ఒక్కదాంట్ల తగ్గినా బయటికే. తుది మెరిట్‌లో దాని వాటా 30 శాతం, మిగతా 70 పార్ట్-ఏది. సూచనలు పాటించే టెస్టులో వాక్యం అర్థం చేసుకునే సరికే సెకన్లు కరుగుతయి. నమూనాలు రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్ఓ వెబ్‌సైట్లో ఉంటయి. రెండో సీబీటీ అయ్యేదాకా ఆగకుండా, ఇప్పటినుంచే రోజూ ఒకటి ఇంగ్లీషులో, గడియారం పెట్టుకొని చెయ్. సీబీటీలో లాగా ఈ సీబీఏటీలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలకు.

ప్రైవేటు కంపెనీల సంగతీ అడిగినవు. వాళ్లు ఐటీఐ సర్టిఫికెట్, మార్కులు చూసి, ఆ తర్వాత డ్రాయింగ్ చేతిలో పెట్టి కొలతలు చదవమంటరు. డ్రాయింగ్ మీద రాతంతా ఇంగ్లీషే. రైల్వేలో చేరినంక చేతికొచ్చే ఇంజిన్ మాన్యువల్ కూడా అంతే. ఆ జంట పదాల నోటుబుక్కు పరీక్ష అయిపోంగనే పారెయ్యకు. పదాలు జమచేసినంక ఆదివారం తీసుకొని రా, కూసొని సరిచూద్దాం.

మీ మామ
హన్మకొండ