ఒంగోలులో డిజైనింగ్: ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

"క్లయింట్లే ఏఐతో పోస్టర్లు చేసేసుకుంటున్నారన్నా. వీడియో ఎడిటింగ్ నేర్చుకోనా, త్రీడీ నేర్చుకోనా?"

తమ్ముడూ, రెండూ ఇప్పుడే వద్దు. చేజారిన పని సంగతి వదిలేసి, క్లయింట్ సొంతంగా మొదలుపెట్టి మళ్లీ నీ దగ్గరికే తెచ్చే పని ఏదో చూడు. చాలామంది ఆగిపోయేది ప్రెస్ దగ్గరే. అందుకే నా ఓటు ప్రీప్రెస్‌కి, అంటే ఫైలును అచ్చుకు సిద్ధం చేసే పనికి, ఇంకా తెలుగు టైప్‌సెట్టింగ్‌కి.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి బ్రోషర్ కవర్ తెచ్చాడనుకో. టూల్ ఇచ్చిన బొమ్మ 1024 పిక్సెళ్ల చదరం. 300 డీపీఐలో అది మూడున్నర అంగుళాలు కూడా రాదు. ఏ4 నిండాలంటే 2480×3508 కావాలి. సాగదీసే టూల్స్ ఉన్నాయి గానీ, గెలాక్సీ రాయిలోని చుక్కల్ని అవి సొంతంగా కల్పిస్తాయి. కొనేవాడికి అసలు రాయి చూపించాలి కదా, అక్కడ మంచి ఫొటోనే దిక్కు.

తర్వాత నలుపు. ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేలోకి మారిస్తే నాలుగు ఇంకులూ కలుస్తాయి. చిన్న అక్షరాలు అలా వెళ్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగు తేలుతుంది. అక్షరాలకు నల్ల ఇంకు ఒక్కటే, అంటే కె 100 ఉంచు. కత్తిరించేటప్పుడు తెల్ల అంచు పడకుండా పేజీ చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ వదులు.

బొమ్మలో కలిసిపోయిన తెలుగును అసలు నమ్మొద్దు, ఒత్తులు తారుమారు అవుతుంటాయి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంట్‌తో విడిగా టైప్ చెయ్. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో World-Ready Paragraph Composer పెట్టుకో, లేకపోతే అక్కడా ఒత్తులు విడిపోవచ్చు.

ముందు ఏదైనా ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ఒక పనిని ప్రూఫ్ దాకా దగ్గరుండి చూడు. రేటు కూడా పోస్టర్‌కి ఇంత అనకుండా, ప్రింట్‌కి సిద్ధమైన ఫైలుకి ఇంత అని చెప్పు.