ఆముదంతో తల రుద్దితే జుట్టు ఇంకా ఎక్కువ రాలుతోంది

«అనంతపురంలో ఉంటాను. రోజూ ఆముదం పెట్టి తల గట్టిగా రుద్దుతున్నాను. రాలడం ఇంకా పెరిగింది. మర్దన నిజంగా పనిచేస్తుందా?»

రుద్దడం వల్లే తెగుతున్నట్టుంది. ఆముదం జిగురుగా ఉంటుంది. వెంట్రుకలు చిక్కుపడి, వేళ్ల రాపిడికి మధ్యలో తెగుతాయి. రాలినవాటిని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లని బుడిపె ఉంటే కుదురు నుంచి ఊడింది. బుడిపె లేని పొట్టి ముక్కలైతే తెగినవే.

మర్దనపై ఆధారం చిన్నదే. 2016లో జపాన్‌లో తొమ్మిది మంది మగవారికి రోజూ 4 నిమిషాలు, 24 వారాలు యంత్రంతో మర్దన చేశారు. వెంట్రుకలు కొద్దిగా లావయ్యాయి, సంఖ్య మాత్రం పెరగలేదు. బట్టతలకు మందని దీన్ని బట్టి చెప్పలేం.

చేయాలనుకుంటే ఇలా:

1. నూనె లేకుండా, పొడి తల మీద, ముందు చిక్కు తీసి.
2. గోళ్లు తగలకుండా వేళ్ల కొసల మెత్తని భాగాన్ని చెవుల పైన ఆనించండి.
3. చాలామంది తప్పేది ఇక్కడే: వేళ్లు జారకూడదు. వేళ్లు ఆనిన చోటే ఉంచి, వాటి కింద చర్మం పుర్రె మీద కదిలేలా చిన్న సున్నాలు చుట్టండి. జుట్టు మీద గరగర చప్పుడు వస్తే రుద్దుతున్నట్టే.
4. కొన్ని సున్నాల తర్వాత వేళ్లు ఎత్తి, పక్కచోట పెట్టండి. మొత్తం 4 నిమిషాలు చాలు. నొప్పి పుడితే ఒత్తిడి తగ్గించండి.

ఆముదం మానలేకపోతే తలస్నానానికి ముందు కాస్త రాసి వదిలేయండి, రుద్దవద్దు.

బుడిపె ఉన్నవే ఎక్కువగా వస్తుంటే రెండు మూడు నెలల కిందట జ్వరమో కాన్పో అయిందేమో గుర్తుచేసుకోండి, రాలడానికి అదే కారణం కావచ్చు. నాణెమంత గుండ్రంగా ఊడితే మర్దన ఆపి చర్మవైద్యులకు చూపించండి.